తలాపున ప్లగ్గు, చేతిలో ఫీడ్: రాత్రి స్క్రోలింగ్‌ని నిజంగా తగ్గించేవి ఏవి?

2025 జూన్‌లో వడమాలపేట చుట్టుపక్కల తోటల్లో తోతాపురి కోతకొచ్చేసరికి ధర పడిపోయింది. గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు ఇవ్వాలనీ, దానిమీద ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుందనీ ప్రకటన వచ్చింది. ఫ్యాక్టరీ గేట్ల ముందు కాయ ట్రాక్టర్లు బారులు తీరాయి. ఆ నెలలో ఒక మామిడి రైతు రాత్రి పదిన్నరకి మంచం మీద ఒరిగి ఫోను తీశాడంటే, తీసింది రేపటి ధర తెలుసుకోవడానికే. మొదటి వీడియోలో ధర ఉంటుంది. రెండోదాంట్లో ఎవరో రోడ్డు పక్కన కాయ పారబోస్తుంటారు. మూడోదాంట్లో ఒక నాయకుడు ఇంకో నాయకుణ్ణి తిడుతుంటాడు. నాలుగోది వచ్చేసరికి మామిడి పోయి, ఎక్కడో హైవే మీద బస్సు బోల్తా పడి ఉంటుంది. పన్నెండున్నరకి ఫోను పక్కన పెట్టేటప్పుడు అతనికి తెలిసిన ధర మొదటి నిమిషంలో తెలిసిందే. తక్కిన రెండు గంటలూ మనసుని కుంగదీయడానికి తప్ప దేనికీ పనికిరాలేదు.

డూమ్‌స్క్రోలింగ్ అంటున్నది దీన్నే. చెడ్డ వార్త తర్వాత చెడ్డ వార్త, బాధపడుతూనే, ఆపలేక చూస్తూ పోవడం. దీని గురించి ఇంట్లోవాళ్లు చెప్పే మాట ఒకటే: కాస్త మనసు గట్టి చేసుకో. పదేళ్లుగా జరిగిన ప్రయోగాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ సలహాకి దొరికే మద్దతు చాలా తక్కువ. ఫోను ఎక్కడుంది, అందులో ఏముంది, దాన్ని తెరవడానికి ఎన్ని అడుగులు వేయాలి అన్నవి మార్చినప్పుడే అలవాటు కదులుతోంది. అన్ని మార్పులూ ఒకే స్థాయిలో పనిచేయవు. కొన్ని గట్టివి, కొన్ని పేరుకే. ఏది ఏదో తేల్చుకోవడమే ఈ వ్యాసం పని.

ముందు హాని ఎంత త్వరగా మొదలవుతుందో చూడాలి. 2021లో బ్యుకానన్, ఆమె సహచరులు ప్రచురించిన ప్రయోగంలో కొందరికి ట్విట్టర్‌లోనో యూట్యూబ్‌లోనో కోవిడ్ వార్తలు రెండు నుంచి నాలుగు నిమిషాలు మాత్రమే చూపించారు. ఏమీ చూడనివాళ్లతో పోలిస్తే వాళ్లలో ఉల్లాసం, రేపటి మీద ఆశ వెంటనే తగ్గాయి. అదే కోవిడ్ కాలంలో ఒకరికొకరు సాయపడిన కథలు చూసినవాళ్లకి ఆ నష్టం కలగలేదు. రోజుకి ఎన్ని గంటలు చూశామన్న లెక్క ఒక్కటే సరిపోదని దీన్నిబట్టి తెలుస్తుంది. ఏం చూశామన్నది అంతకంటే ముఖ్యం. పాతపాట ఒక గంట వినడం, 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ అంతరాయానికి 11 మంది పోయారన్న వార్త కింద తెల్లవారేదాకా వ్యాఖ్యలు చదవడం ఒకటి కావు. ఆ రాత్రి మన ప్రాంతంలో ఎంతోమంది మనవాళ్లెవరైనా అక్కడున్నారా అని ఫోను పట్టుకున్నారు. ఆ ఆరా అవసరమే. అది తెలిశాక కూడా ఫోను చేతిలోంచి దిగకపోవడమే ఇక్కడి సమస్య.

దిగులుగా ఉన్నవాళ్లే ఎక్కువ స్క్రోల్ చేస్తారు కదా, ఫోనుదేం తప్పని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. దిగులు స్క్రోలింగ్‌ని పెంచుతుంది, స్క్రోలింగ్ దిగుల్ని పెంచుతుంది. రెండోది నిజమేనా అని తేల్చాలంటే కొందరికి ఫోను అందకుండా చేసి, తక్కినవాళ్లతో పోల్చి చూడాలి. 2018 అమెరికా ఎన్నికల ముందు ఆల్కాట్, జెంట్స్‌కో బృందం అలాగే కొందరిచేత నాలుగు వారాలు ఫేస్‌బుక్ ఖాతా మూయించింది. వాళ్లకి రోజుకి సగటున గంట మిగిలింది, మనసు కొద్దిగా తేలికపడింది. కొద్దిగా అన్న మాట నేను కావాలనే వాడుతున్నాను. అది చిన్న మెరుగుదలే.

పెద్ద మెరుగుదల కనిపించింది 2025లో కాస్టెలో బృందం ప్రచురించిన ప్రయోగంలో. అమెరికా, కెనడాల నుంచి 467 మంది చేరారు. రెండు వారాలపాటు వాళ్ల స్మార్ట్‌ఫోన్లలో ఇంటర్నెట్‌ని పూర్తిగా కట్టేశారు. కాల్స్, మెసేజీలు పనిచేస్తాయి, కంప్యూటర్ మీద నెట్ వాడుకోవచ్చు. జేబులో ఉన్న ఫోను మాత్రం పాతకాలపు ఫోనైపోయింది. రోజుకి 314 నిమిషాలున్న ఫోను వాడకం 161కి పడింది. నిద్ర, ఏకాగ్రత, మనఃస్థితి మెరుగయ్యాయి. మిగిలిన సమయంలో మనుషులతో ఎదురెదురుగా మాట్లాడటం, నడవడం, బయట తిరగడం పెరిగాయి. ఇదే ప్రయోగంలో ఇంకో సంగతి ఉంది, నాకు అదే ఎక్కువ విలువైనదనిపిస్తుంది. పద్నాలుగు రోజుల్లో కనీసం పది రోజులు కట్టడిని ఉంచుకున్నవాళ్లు సుమారు నాలుగో వంతే. స్వచ్ఛందంగా చేరినవాళ్లలో కూడా ఎక్కువమంది దాన్ని నిలుపుకోలేదు. తీసేయడం ఒక్క బటన్ దూరంలో ఉన్నంతకాలం ఎంత గొప్ప కట్టడైనా మళ్లీ సంకల్పబలం మీదే ఆధారపడుతుంది.

ఆ బలం గురించి మనకున్న నమ్మకాలే సరిగా లేవు. జర్మనీలో హాఫ్‌మన్ బృందం 205 మందిని వారంపాటు రోజూ వేళకాని వేళల్లో పలకరించి, ఇప్పుడు ఏ కోరిక కలుగుతోంది, దాన్ని ఆపుకున్నారా అని అడిగింది. టీవీ, ఇంటర్నెట్‌ల మీది కోరికలు ఆపుకోవడం కష్టమైనవాటిలో తేలాయి. ఆత్మనిగ్రహం ఎక్కువని పేరున్నవాళ్లు కోరికతో ఎక్కువగా పోరాడలేదు. వాళ్లకి ఆ పోరాటమే తక్కువసార్లు ఎదురైంది. 2017లో కెనడా విద్యార్థుల మీద మిల్యావ్‌స్కయా, ఇంజ్‌లిక్ట్ చేసిన అధ్యయనంలోనూ అదే కనిపించింది. ఎంత గట్టిగా ఆపుకున్నారన్నదానికీ, సెమిస్టరు చివరికి అనుకున్నది సాధించారా అన్నదానికీ సంబంధం దొరకలేదు. ఎన్ని ప్రలోభాలు ఎదురయ్యాయన్నదానికి దొరికింది.

ఇక్కడొక జాగ్రత్త. సంకల్పబలం పగలంతా ఖర్చయిపోయి రాత్రికి అడుగంటుతుందని చాలా పుస్తకాల్లో రాశారు. 2016లో 23 ప్రయోగశాలలు కలిసి, రెండు వేలకు పైగా మందితో ఆ ప్రయోగాన్ని తిరిగి చేస్తే ఫలితం దాదాపు సున్నా వచ్చింది. కాబట్టి రాత్రి ఓడిపోవడానికి ఆ సిద్ధాంతాన్ని కారణంగా చూపించలేం. మామూలు కారణాలే చాలు. రాత్రి పనులుండవు. ఆపమనేవాళ్లు నిద్రపోతుంటారు. ఫోను తలాపున ప్లగ్గుకి తగిలించి ఉంటుంది. ఫీడ్‌కి చివరంటూ ఉండదు. ఏజా రాస్కిన్ 2006లో రూపొందించిన అంతులేని స్క్రోల్, పేజీ కింద ఉండే ఆగే చోటుని తీసేసింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా అయిపోతుందన్న భయమూ పోయింది. ఆగడానికి బయటి నుంచి వచ్చే సంకేతాలన్నీ ఒక్కొక్కటే తొలగించి, అప్పుడు మనిషిని లోపలి నుంచి ఆగమంటున్నాం.

మరి ఏం మార్చాలి? సాక్ష్యం బలాన్నిబట్టి నేను మొదట పెట్టేది దూరం. ఫోను ఏ గదిలో ఉందన్నది ఏ యాప్ సెట్టింగు కన్నా ముఖ్యం. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు మనుషులకి చిన్న కెమెరాలు తగిలించి వాళ్ల దినచర్యని చూస్తే, ఫోను చేతిలోకి తీసిన సందర్భాల్లో 89 శాతం తమంతట తాము తీసినవే. నోటిఫికేషన్ పిలిస్తే తీసినవి 11 శాతమే. మోత ఆపేస్తే చాలుననుకునేవాళ్లు ఈ అంకెని చూడాలి. చెయ్యి ఫోను మోగినందుకు పోవడం లేదు, అందుబాటులో ఉన్నందుకు పోతోంది. పైగా, నోటిఫికేషన్లని మొత్తం ఆపేసిన ప్రయోగంలో కొందరికి ఏదో తప్పిపోతున్నామన్న ఆందోళన పెరిగింది. రోజుకి మూడుసార్లు కట్టగా వచ్చేలా పెట్టినప్పుడు మేలు కనిపించింది. తెరని నలుపు తెలుపు చేయడం కూడా కొంత పనిచేస్తుంది. అమెరికా కాలేజీ విద్యార్థుల్లో రోజుకి సుమారు 38 నిమిషాలు తగ్గింది. చెడ్డ వార్త నలుపు తెలుపులో కూడా చెడ్డవార్తే కాబట్టి, వినోదం కోసం చూసేవాళ్లకి సాయపడినంతగా ఇది దిగులుతో చూసేవాళ్లకి సాయపడుతుందని నేను అనుకోను.

దూరం తర్వాత, తెరిచే ముందు కాసేపు ఆగేలా చేయడం. 2023లో వచ్చిన ఒక అధ్యయనంలో 280 మంది ఫోన్లలో ఒక చిన్న యాప్ పెట్టారు. ఫేస్‌బుక్ లాంటిది తెరవబోతే అది ముందు ఒక ఊపిరి తీసుకునేంత సేపు ఆపి, తెరవాలా వద్దా అని అడుగుతుంది. మూడింట ఒక వంతుకి పైగా సార్లు జనం వద్దనుకుని వెనక్కి వచ్చేశారు. ఆరు వారాలయ్యేసరికి తెరవాలన్న ప్రయత్నాలే 37 శాతం తగ్గాయి. పరిశోధకుల్లో ఒకరు ఆ యాప్ తయారుచేసినవాడే కాబట్టి అంకెల్ని కొంచెం జాగ్రత్తగా తీసుకుంటాను. అయినా లోపలి వివరం ఉపయోగపడుతుంది. ఆలోచించుకో అని చెప్పే సందేశం పెద్దగా పనిచేయలేదు. వెనక్కి పోయే దారి చూపడం ఎక్కువ పనిచేసింది. ఇంట్లో అరిచే అరుపుకీ ఇది వర్తిస్తుంది.

మూడోది, ముందు రోజే వేసుకునే గడి. ఆల్కాట్ బృందం 2020లో సుమారు రెండు వేల మంది మీద చేసిన ప్రయోగంలో రేపటికి ఏ యాప్ ఎన్ని నిమిషాలో ఈ రోజే పెట్టుకోవాలి. మార్చుకున్నా అది మరుసటి రోజు నుంచే అమలవుతుంది. వాడకం 16 శాతం తగ్గింది. దీన్ని ఫోనుతో వచ్చే మామూలు టైమర్‌తో పోల్చండి. Digital Wellbeing లో యూట్యూబ్‌కి అరగంట పెడతాం. అరగంట అయ్యాక యాప్ మూసుకుపోయి, దాని గుర్తు బూడిదరంగుకి మారుతుంది. అదే సెట్టింగులోకి వెళ్లి టైమర్ తీసేస్తాం, నాలుగు తాకుళ్ల పని. నిర్ణయం మళ్లీ రాత్రి పదకొండింటి మనిషి చేతికే వచ్చింది. చాలామంది "నేనూ పెట్టి చూశాను, లాభం లేదు" అనేది ఈ టైమర్ గురించే. అది పనిచేయకపోవడం వాళ్ల బలహీనత కాదు.

మాంట్రియల్‌లోని మెక్‌గిల్‌లో ఓల్సన్ బృందం ఇలాంటి చిన్న మార్పులు పదింటిని ఒక కట్టగా ఇచ్చి చూసింది. రాత్రి ఫోను దూరంగా, అనవసర నోటిఫికేషన్లు బంద్, వేలిముద్రకి బదులు పాస్‌వర్డ్, యాప్‌లు దాచడం ఇలాంటివి. ఫోను వ్యసనపు కొలత మామూలు స్థాయికి దిగి కనీసం ఆరు వారాలు నిలిచింది. పాల్గొన్నవాళ్లు తక్కువే కాబట్టి ఆఖరి తీర్పు అనలేం. కానీ ఆ పదింటిలో ఒక్కటి కూడా కష్టమైనది లేదు.

ఈ ప్రయోగాల్లో చాలావరకు ఒక్కో మనిషికి ఒక్కో గది, కంప్యూటర్ ఉండే దేశాలవి. వడమాలపేటలాంటి చోట ఇల్లు వేరు. హాలూ, వంటిల్లూ, ఒక గదీ ఉంటాయి. ఎండాకాలం మిద్దె మీద పడక. ఫోను ఒక్కటే అలారం, టార్చి, గడియారం, బ్యాంకు, ఊరి వాట్సాప్ గ్రూపు. ఆ ఫోనుని గది బయట పెట్టమంటే ఐదు వస్తువుల్ని ఒకేసారి బయట పెట్టమన్నట్టే. నాకు మామ వరసయ్యే ఒక మామిడి రైతు ఇంట్లో ఆ వేసవిలో జరిగింది చెబితే ఇది ఎక్కడ తట్టుకుంటుందో, ఎక్కడ దారి దొరుకుతుందో తెలుస్తుంది.

ఆయనకి తిరుపతి-చెన్నై రోడ్డుకి కొంచెం లోపలగా తోట. అరవైకి దగ్గర. ఆ జూన్‌లో రాత్రి పన్నెండు దాటినా ఫోను వెలుగుతూనే ఉండేది. "నిద్ర రాలేదు కాబట్టి చూస్తా ఉండానల్లుడూ, చూసేదాన్నిబట్టి నిద్ర పోలేదు కాదు" అనేవాడు. అత్త మాత్రం "పొద్దన్న లేస్తానే మొకం ఎట్ట ఉంటాదో నువ్వే చూడబ్బా" అనేది. ఎవరిది నిజమో వాదించకుండా, ముందు ఆయన ఫోనుతో రాత్రి నిజంగా ఏం పని ఉందో రాయించాం. పొద్దున ఐదింటికి అలారం. చెన్నైలో చదివే కూతురు ఎప్పుడైనా చేస్తే ఎత్తాలి. కోత కూలీల మేస్త్రీ రాత్రి తొమ్మిదిలోపు చేస్తాడు. లేచినప్పుడు టార్చి. ఫ్యాక్టరీ ధర. అంతే. ఆ జాబితాలో ఫీడ్ లేదు. ఫీడ్‌కి దారి తీస్తున్నది ధర ఒక్కటే.

మొదట కదిపింది ఫోనుని కాదు, ప్లగ్గుని. మంచం తలవైపు గోడకి వేలాడే ఎక్స్‌టెన్షన్ బాక్సు ఉండేది. అది ఉన్నంతకాలం ఫోను అక్కడికే వస్తుంది. దాన్ని తీసేసి, చార్జర్‌ని హాల్లో టీవీ పక్కన గోడ ప్లగ్గుకి పెట్టి, వైరుకి టేపు చుట్టి అక్కడే కట్టేశాం. రింగు గట్టిగా ఉంటే హాల్లోంచి వినబడుతుంది. కూతురు చేస్తే లేచి ఎత్తొచ్చు. గదిలోకి ఒక అలారం గడియారం, తలగడ కింద ఒక చిన్న టార్చిలైటు కొన్నాం. టార్చి కొనాలని మాకు ముందు తోచలేదు. మొదట్లో ఒక రాత్రి కరెంటు పోయింది, ఆయన తడుముకుంటూ హాల్లోకి వెళ్లి ఫోను తెచ్చుకున్నాడు, వెలుగు కోసం. తెచ్చుకున్నాక తెరిచాడు. ఫోను చేసే ప్రతి పనికీ గదిలో ఇంకో వస్తువు లేకపోతే, ఆ పని పేరుతో అది తిరిగి మంచమెక్కుతుంది. ఈ పద్ధతి ఎక్కువ ఇళ్లలో చెడేది ఇక్కడే.

ధర సంగతి వేరుగా తేల్చాం. ఫ్యాక్టరీ ధర పొద్దున తెరిచాకే ఖాయమవుతుంది. రాత్రి చూసే వీడియోల్లో ఉండేది నిన్నటి ధరో, ఇంకో తాలూకా ధరో. పక్కతోట ఆయన రోజూ కాయ తోలేవాడు. అతనికి పొద్దున ఏడింటికి ఒక ఫోను చేస్తే సరిపోయేది. ప్రశ్నకి జవాబు దొరికే వేళ, మనిషి స్థిరమయ్యాక రాత్రి వెతుకులాటకి కారణం పోయింది.

ఫోను లోపల చేసినవి రెండే. యూట్యూబ్‌లో Settings లోకి వెళ్లి, Manage all history తెరిచి, చూసిన చరిత్రని చెరిపేసి, నమోదుని ఆపేశాం. 2023 ఆగస్టు నుంచి, చరిత్ర లేనివాళ్లకి యూట్యూబ్ తొలిపేజీలో వీడియోలు పేర్చడం మానేసింది. వెతికితే వస్తుంది, ఊరికే వడ్డించదు. షార్ట్స్ మాత్రం అలాగే ఉంటాయి, ఆ లోటు తెలిసే చేశాం. రెండోది రీచార్జి. ఆయన ప్లాన్‌లో రోజుకి 2 జీబీతో పాటు హద్దులేని 5జీ ఉండేది. రోజుకి 1.5 జీబీ ప్లాన్‌కి మార్చాం, దాంతో హద్దులేని 5జీ పోయింది. కోటా అయ్యాక వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. ఆ వేగంలో వాట్సాప్ మాటలు వెళతాయి, వీడియో కదలదు. పగలు కొద్దిగా చూసినవాళ్లకి రాత్రికి దానంతట అదే గడి పడుతుంది. నెలకోసారి, పగటిపూట, డబ్బు కడుతూ తీసుకున్న నిర్ణయం కాబట్టి రాత్రి పదకొండింటికి దాన్ని రద్దు చేయడం అంత తేలిక కాదు. ప్రయోగంలోని ముందురోజు గడికి మన ఊళ్లో దొరికే దగ్గరి రూపం ఇదేనని నా అభిప్రాయం. ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంటే ఇది నీరుగారిపోతుంది. అప్పుడు రౌటరు స్విచ్చి పదింటికి ఆపాల్సిందే.

ఆయన విషయంలో ఇంకోటి కూడా తట్టుకుంది. ఫోను హాల్లోకి వెళ్లాక కొన్ని రాత్రులు హాల్లో టీవీ వార్తలు మోగాయి. అవే పారబోతలు, అవే తిట్లు, తెర పెద్దది. స్క్రీన్ టైమ్ లెక్కలో ఫోను వాడకం బ్రహ్మాండంగా తగ్గింది, మనిషి మాత్రం మారలేదు. తగ్గిందా లేదా అని ఎలా తెలుసుకోవాలన్నదానికి ఇది మంచి పాఠం. చూడాల్సింది మొత్తం గంటల్ని కాదు. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత చెడ్డవార్త ఏ తెర మీదైనా ఎంతసేపు, పడుకున్న వేళ, పొద్దున లేచినప్పటి మనసు, ఈ మూడూ చూడాలి. గోడ క్యాలెండరు మీద అత్త పొద్దున్నే ఒక గీత పెట్టేది, బాగుంటే నిలువు, లేకపోతే అడ్డం. వారాల మీద అడ్డగీతలు తగ్గాయి. ధర పెరిగి కాదు, ఆ ఏడు ధర పెరగలేదు. టీవీకి దారి మూసింది కూడా అత్తే. తొమ్మిదిన్నరకి హాల్లో పక్క పరిచి మనవణ్ణి పడుకోబెట్టేది. దాంతో అక్కడ మోత చేసే వీలు లేకుండా పోయింది.

ఇదంతా సరే, నిజంగా తెలియాల్సిన వార్త తప్పిపోతే? మన ప్రాంతంలో ఇది ఊహాజనితమైన భయం కాదు. 2021 నవంబరు వానలకి తిరుపతి మునిగింది. ఆ వెంటనే రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకి నీరు ఊరుతోందని తెలిసి, కింది ఊళ్లని ఖాళీ చేయించారు. అలాంటి రాత్రి ఫోను హాల్లో పడేసి పడుకోమనడం బాధ్యత లేని సలహా. ప్రాణానికి సంబంధించిన హెచ్చరికకి స్క్రోలింగ్ అవసరం లేదన్నది కూడా అంతే నిజం. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2023 నుంచి ప్రయత్నించి చూసిన సెల్ బ్రాడ్‌కాస్ట్ హెచ్చరిక, డేటా ఆపేసి ఉన్నా ఫోనులో పెద్దగా మోగుతుంది. సెట్టింగుల్లో Wireless emergency alerts ఆన్‌లో ఉందో లేదో ఒకసారి చూసుకుంటే చాలు. దానికి తోడు అధికారుల ఫోను, పక్కింటివాళ్ల పిలుపు ఉంటాయి. మోగేది మోగనివ్వాలి, ప్రవహించేది ఆపాలి. ఏర్పాటు చేసుకునేటప్పుడు ఈ రెంటినీ విడదీయకపోతే, మొదటి తుఫానుకే అన్నీ తీసేస్తారు. తుఫాను పోయాక మళ్లీ పెట్టరు.

ఈ మార్పులు అందరికీ సరిపోవు. ఆటో నడిపేవాళ్లకి, ఆసుపత్రి డ్యూటీలో ఉన్నవాళ్లకి ఫోనే జీవనం. ఫోను వంటింట్లో పెట్టినా రెండు మూడు వారాల తర్వాత కూడా నిద్ర రాకుండా, తిండి సయించకుండా, బతుకు మీద విరక్తిగా ఉంటే అక్కడ స్క్రోలింగ్ కారణం కాదు, లక్షణం. అప్పుడు ప్లగ్గు మార్చడం దగ్గర ఆగకూడదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, ఉచితం. ఫోను వాడకమే చెయ్యిదాటిందనిపిస్తే బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో 2014 నుంచి దానికి విడిగా ఒక క్లినిక్ నడుస్తోంది. మనకి రైలు దూరమే.

ఒక ఇల్లు ఎంత సర్దుకున్నా ఊరి వాట్సాప్ గ్రూపు సర్దుకోకపోతే సగం పని అలాగే మిగులుతుంది. రాత్రి పదకొండింటికి గ్రూపులో పడే యాక్సిడెంటు ఫోటోలు, ఎప్పటివో తెలియని వరద వీడియోలు ఒకరు పంపితే పదిమంది పొద్దున్నే చూస్తారు. మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడగావ్ అనే ఊరు 2022 ఆగస్టులో దీన్ని ఊరి స్థాయిలోనే పట్టుకుంది. రోజూ సాయంత్రం ఏడింటికి గుడి దగ్గర సైరన్ మోగుతుంది. ఎనిమిదిన్నర దాకా ఇళ్లలో టీవీలు, ఫోన్లు పక్కన పెడతారు. అది శాస్త్రీయ ప్రయోగం కాదు. పిల్లల చదువు కోసం మొదలైన కట్టుబాటు. ఒక్కడే ఫోను పక్కన పెడితే ఏదో తప్పిపోతున్నానన్న బెంగ ఉంటుంది, ఊరంతా పెడితే తప్పిపోవడానికి ఏమీ ఉండదు. ప్రయోగంలో కట్టడిని నిలుపుకోలేని ఆ ముప్పాతిక మందికి కావాల్సిన ఊతం అదే.

సైరన్ దాకా పోకుండా వడమాలపేటలో రేపే చేయదగ్గది ఒకటుంది. ప్రతి గ్రూపుకీ అడ్మిన్ ఉంటాడు. అడ్మిన్లు మాత్రమే సందేశం పంపేలా గ్రూపు సెట్టింగుల్లో మార్చే వీలుంది. రాత్రి తొమ్మిదికి అలా మూసి, పొద్దున ఆరింటికి తెరవొచ్చు. దానంతట అది జరగదు, రోజూ ఎవరో ఒకరు చేతితో చేయాలి. అందుకని ఇద్దరు అడ్మిన్లు వంతులేసుకోవాలి. అర్జంటు సంగతి ఉంటే అడ్మిన్‌కి ఫోను చేస్తారు, అతను అవసరమైతే పెడతాడు. మామ వాళ్ల తోటల గ్రూపులో ఇది మొదలైంది. మొదట్లో తిట్లు పడ్డాయి, ఇద్దరు గ్రూపు వదిలేశారు, వాళ్లలో ఒకరు తిరిగొచ్చారు. రాబోయే మామిడి కాలానికి ఆ గ్రూపులోనే రోజూ పొద్దున ఏడున్నరకి ఫ్యాక్టరీల ధర ఒకే ఒక్క సందేశంగా పెట్టాలనుకుంటున్నారు. పంపే బాధ్యత పక్కతోట ఆయన తీసుకున్నాడు.